"చేన్లో కందిరీగలు పడ్డాయి సార్": ధనియాల చేలో ఒక కేసు

నల్లరేగడి నేలల్లో రబీ పంటలు వేసే రైతులకు పంట సలహాలు ఇవ్వడం నా పని. పురుగుల కేసులు ఏటా పదుల్లో చూస్తాను. చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి రాసుకోను. ఈ కేసులో మాత్రం పంటకు ఏ జబ్బూ లేదు. ఒక మంచి పురుగు వేసుకున్న వేషం చూసి మనుషులు భయపడ్డారు. ఆ భయం పోగొట్టడానికి నేను చేసిన మొదటి రెండు ప్రయత్నాలూ ఫెయిలయ్యాయి, రెండోదానివల్ల ఒక కుర్రాడికి దెబ్బ కూడా తగిలింది. ఊరు, మనుషుల వివరాలు తీసేసి రాస్తున్నాను.

నేపథ్యం

నాలుగెకరాల ధనియాల చేను. గింజ కోసం వేసిన పంట, అక్టోబరు చివర్లో విత్తారు. డిసెంబరు చివరికి నడుం కిందిదాకా పెరిగి, తెల్లటి గొడుగుల్లాంటి పూగుత్తులతో నిండుగా ఉంది. మధ్యలో పడ్డ వానకు కలుపు ఆలస్యమైంది. చివరి కలుపు తీయడానికి ఎనిమిది మంది ఆడవాళ్లను పిలిస్తే, వాళ్లు గట్టు మీదికి వచ్చి ఆగిపోయారు. పూల మీద పసుపు, నలుపు చారల పురుగులు వందల్లో తిరుగుతున్నాయి. అంతకు ముందు ఏడాది పక్క చేలో కంపచెట్లు కొడుతుంటే కందిరీగలు లేచి, వీళ్లలోనే ఒకామెకు ముఖమంతా వాచి మూడు రోజులు కన్ను తెరవలేకపోయిందట. ధనియాల్లో కలుపు తీయాలంటే వంగాలి, అప్పుడు ముఖం సరిగ్గా పూల ఎత్తుకే వస్తుంది.

రైతు నాకు ఫోన్ చేసేసరికే రోడ్డు పక్క ఎకరంలో మందు కొట్టేశాడు. మొక్క రసం పీల్చే పేనుబంకకని షాపులో ఇచ్చిన మందునే "ఈగలు పోతాయిలే" అని వాడాడు. మిగతా మూడెకరాలకు కూడా కొట్టమంటారా అన్నదే ఆయన ప్రశ్న.

చూసింది

నేను వెళ్లింది ఉదయం తొమ్మిదిన్నరకు. పూల మీద ఉన్నవాటిలో తేనెటీగలూ ఉన్నాయి, కానీ ఎక్కువ శాతం సిర్ఫిడ్ ఈగలే. మన వైపు బాగా కనిపించే రకం, ఇస్కియోడాన్ అంటారు. సెంటీమీటరు కూడా ఉండదు. సన్నటి నల్ల పొట్ట మీద పసుపు పట్టీలు. పువ్వుకు జానెడు దూరంలో గాల్లో కొట్టుకుంటూ నిలబడి, చటుక్కున పక్కకు జరిగి మళ్లీ నిలబడుతుంది. కొండి లేదు, కుట్టలేదు, కరవలేదు. పుప్పొడి, తేనె తింటుంది. పిల్ల పురుగు తిండి వేరే, దాని మాట తర్వాత.

పెద్ద ఈగను చూసి నిర్ణయం తీసుకోను. చేనులో అక్కడక్కడా 20 పూగుత్తులు తెంపి తెల్ల కాగితం మీద దులిపాను. పేనుబంక అన్నింటా కొద్దికొద్దిగా ఉంది, రెండు గుత్తుల్లో మాత్రం కాడ కనపడనంతగా. సిర్ఫిడ్ పిల్ల పురుగులు 9 గుత్తుల్లో ఉన్నాయి. పేనుబంకను తినేది ఈ పిల్లలే. ఇంతమంది కాపలాదారులున్న చేలో పూతమీద మందు కొడితే వాటినీ, తేనెటీగల్నీ కలిపి చంపినట్టే. మూడెకరాలకు మందు వద్దన్నాను. అప్పటికే కొట్టేసిన ఎకరాన్ని పోల్చుకోవడానికి అలాగే వదిలేశాం. అది సరైన ప్రయోగమేం కాదు, ఆ ఎకరం రోడ్డు పక్కది, నేల కూడా కాస్త తేడా. అయినా ఉన్నదాంతో చూద్దామనుకున్నాను.

మందు సంగతి తేలినా కలుపు సంగతి తేలలేదు. కూలీలు దిగకపోతే రైతు ఎలాగూ మందే కొడతాడు.

మొదటి ప్రయత్నం: మాటతో చెప్పడం

"ఇవి ఈగలమ్మా, కుట్టవు" అన్నాను. ఒకదాన్ని చేత్తో పట్టి చూపించాను కూడా. అది గుప్పిట్లో కందిరీగలాగే జుయ్యిమంది. అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

వాళ్లలో పెద్దావిడ అడిగిన ప్రశ్నతో నా దగ్గర మాటల్లేకుండా పోయాయి. "సారూ, మీరు పట్టింది ఈగే. నా ముఖం ముందుకొచ్చేది ఈగో కందిరీగో, అది కుట్టినాక చెబుతారా?"

ఆమె లెక్క తప్పు కాదు. ఈగను కందిరీగ అనుకుంటే పోయేది ఒక పూట కూలి. కందిరీగను ఈగ అనుకుంటే కన్ను మూసుకుపోతుంది. రెండు పొరపాట్ల ఖరీదూ ఒకటి కానప్పుడు, తక్కువ ఖరీదు పొరపాటే చేయడం తెలివి. పసుపు, నలుపు కనిపిస్తే చాలు, దూరం జరిగితే సరి. పురుగులు తినే పిట్ట కూడా సరిగ్గా ఈ లెక్కే వేస్తుంది. సిర్ఫిడ్ ఈగ లక్షల ఏళ్లుగా బతుకుతున్నది ఈ లెక్క మీదే.

గట్టు మీద కూర్చుని వాళ్లకు ఇది జిల్లేడు పురుగుతో చెప్పాను, ఎందుకంటే అది అందరూ చూసిందే. జిల్లేడాకు తినే గొంగళి పురుగు ఒళ్లంతా నలుపు, తెలుపు, పసుపు పట్టీలు. ఆకు చాటున దాక్కోదు, పైనే కూర్చుంటుంది. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో కూడా చేరుతుంది. కానీ విషం ఉన్నంతమాత్రాన పురుగుకు లాభం లేదు. పిట్ట ముక్కుతో పొడిచి, చేదని ఉమ్మేసేలోపు పురుగు ఎలాగూ చస్తుంది. పొడవకముందే "నేను చేదు" అని తెలియాలి. అందుకే ఆకుపచ్చలో కలిసిపోకుండా, ఎండలోనైనా నీడలోనైనా ఆకు మీద కొట్టొచ్చినట్టు కనపడే రంగు. పిట్ట ఒకటి రెండుసార్లు దెబ్బతింటే చాలు, ఆ గుర్తును మరిచిపోదు. అదే పురుగు మట్టిరంగులో ఉండి ఉంటే, తినదగిన వంద మట్టిరంగు పురుగుల్లో ఇదీ ఒకటై కలిసిపోయేది, ఆ పాఠం నిలిచేది కాదు.

గొంగళి పురుగులకు ఇంత మెరిసే రంగులెందుకని 1867లో డార్విన్ తల పట్టుకుని అడిగితే, ఈ సమాధానం ఊహించి చెప్పింది తోటి ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్. కొంత మటుకు ఈ భయం పుట్టుకతోనే వస్తుందని కూడా 1985లో ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు చూపించారు. కందిరీగ ముఖమే ఎరగని కోడిపిల్లలు కూడా పసుపు, నలుపు చారలు పూసిన పురుగుల్ని తినడానికి వెనకాడాయి.

ఒక గుర్తుకు ఇంత పలుకుబడి వచ్చాక, దాన్ని దొంగిలించేవాడు రాకుండా ఉంటాడా. అమెజాన్ అడవుల్లో 11 ఏళ్లు తిరిగిన ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త బేట్స్ 1862లో రాసింది ఇదే: చేదు సీతాకోకచిలుకల గుంపులో వాటి రెక్కల రంగే వేసుకుని, చేదులేని వేరే జాతి సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయని. మన జిల్లేడు పురుగు నుంచి వచ్చే నారింజరంగు సీతాకోకచిలుకకూ అలాంటి దొంగ ఉంది. దాంట్లో విచిత్రం, ఆడదే ఆ వేషం వేస్తుంది. మగది నల్లటి రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలతో వేరే పురుగేమో అన్నట్టుంటుంది.

కథ వాళ్లకు నచ్చింది. చేన్లోకి మాత్రం ఎవరూ దిగలేదు. ఆలోచిస్తే నేను చెప్పిందంతా వాళ్ల భయం సరైనదేనని నిరూపించడమే.

రెండో ప్రయత్నం: చారలు గుర్తుపట్టడం నేర్పడం

గుర్తుపట్టడం వస్తే భయం పోతుందనుకున్నాను. ఫోన్లో పెద్దవి చేసిన ఫొటోలు చూపించాను. తేనెటీగ పట్టీలు ఎలా ఉంటాయి, ఈగ పట్టీలు ఎంత మెరుస్తాయి, కందిరీగ పొట్ట ఎలా ఉంటుంది, అన్నీ. తర్వాత గాజు సీసాల్లో పది పురుగుల్ని పెట్టి ఏది ఏదో చెప్పమన్నాను. ఫొటోల్లో బాగానే చెప్పినవాళ్లు, సీసాల్లో కదిలే పురుగుల దగ్గర సగానికి సగం తప్పారు. అది బొమ్మా బొరుసూ వేసినట్టే.

అక్కడితో ఆపాల్సింది, ఆపలేదు. రైతు కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు, నాకు తెలుసంటూ పువ్వు మీద ఉన్నదాన్ని రెండు వేళ్లతో పట్టాడు. అది తేనెటీగ. వేలు వాచింది, కొండి గోటితో గీకి తీసేశాం, గంటలో సర్దుకుంది. కానీ పదహారు కళ్లు చూస్తుండగా జరిగింది. తప్పు పూర్తిగా నాది. పట్టమని నేను అనలేదు, పట్టొద్దని కూడా అనలేదు.

ఇది ఎందుకు ఫెయిలైందో ఇంటికొచ్చాక అర్థమైంది. నేను వాళ్లకు నేర్పింది చారలు. దొంగ అన్నింటికన్నా జాగ్రత్తగా నకలు కొట్టింది కూడా ఆ చారలనే. తరతరాలుగా పిట్టలు చూసి వదిలేసింది చారల్నే కాబట్టి, చారలు బాగా కుదిరిన ఈగలే మిగిలాయి. నకిలీ నోటును గాంధీ బొమ్మ చూసి పట్టుకోమన్నట్టుంది నా పాఠం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నిపుణుడి కంటికి చాలా సిర్ఫిడ్ ఈగలు అంత గొప్ప నకళ్లు కావు. మరి నకలు ఇంకా మెరుగుపడలేదేం? 1993లో బ్రిటన్లో పావురాలకు కందిరీగల ఫొటోలకూ ఈగల ఫొటోలకూ తేడా నేర్పి, తర్వాత రకరకాల సిర్ఫిడ్ ఈగల్ని చూపించారు. మన కంటికి అంతంతమాత్రంగా అనిపించే రెండు మామూలు రకాలను పావురాలు దాదాపు కందిరీగలుగానే లెక్కేశాయి. పిట్ట చూసే గుర్తులు కొన్నే, అవి కుదిరితే చాలు. 2012లో కెనడా వాళ్లు 38 రకాల సిర్ఫిడ్ ఈగల్ని పోల్చి చూస్తే, పెద్ద ఈగల వేషం పక్కాగా ఉంది, చిన్నవాటిది నాసిగా ఉంది. పెద్ద ఈగ పిట్టకు మంచి ముద్ద. అంత ముద్ద కోసమైతే పిట్ట కాస్త ధైర్యం చేసి పరీక్షగా చూస్తుంది, అందుకే నకలు బాగుండాలి. చిన్న ఈగ కోసం కొండి దెబ్బకు ఎవరు తెగిస్తారు? సుమారు వేషం చాలు. మా చేలో ఉన్నది చిన్న రకమే. సుమారు వేషంతోనే ఎనిమిది మందిని గట్టు మీద నిలబెట్టింది.

మూడోరోజు: ప్రశ్న మార్చుకోవడం

కూలీల పనికి "ఇది ఈగా, కందిరీగా?" అన్న ప్రశ్నే అక్కర్లేదని తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. పువ్వు మీద మేతకొచ్చిన నిజమైన కందిరీగ కూడా దానంతటది మనిషి మీదికి రాదు, నలిపితేనో పట్టుకుంటేనో తప్ప. తేనెటీగా అంతే. అవి మీదపడేది గూడు దగ్గర. ముందు ఏడాది ఆమెకు జరిగింది కూడా కంపచెట్టులో గూడు కదిలిస్తేనే. అంటే చూడాల్సింది పూల మీద కాదు, గట్ల మీద.

పెద్దావిడా, నేనూ, రైతూ కలిసి నాలుగు గట్లూ తిరిగాం. పడమటి గట్టు మీద కంపలో నడుం ఎత్తున, అరచేయంత కాగితపు గూడు ఒకటి ఆమే చూసింది. ఐదారు కందిరీగలు దాన్ని పట్టుకుని కూర్చున్నాయి, మమ్మల్ని చూసి రెక్కలు పైకి లేపాయి. దాన్ని కదిలించలేదు. పదడుగుల అవతల కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టి, ఆ మూల కలుపు వదిలేయాలనుకున్నాం. (మనమూ రంగు గుడ్డే కట్టామని పెద్దావిడ నవ్వింది.) రెండో మార్పు వేళ. చలికాలం పొద్దున ఎనిమిదిన్నర దాకా తేనెటీగలు చాలా తక్కువ, ఎండెక్కాకే వస్తాయి. ఆరున్నరకు దిగి, తొమ్మిదికి ఎక్కేయాలి. మూడోది, ముఖానికి పల్చటి చీర కొంగు. దేన్నీ చేత్తో పట్టొద్దు, ముఖం ముందుకు వస్తే విసరొద్దు, ఆగితే అదే పోతుంది.

మొదటి రోజు నలుగురే దిగారు. మూడో రోజుకు ఎనిమిది మందీ దిగారు. నాలుగు పొద్దుల్లో కలుపు అయిపోయింది. ఎవరికీ ఏమీ కుట్టలేదు.

గుర్తుపట్టాల్సిన అవసరం కూలీలకు లేదు కానీ, రైతుకు ఉంది. ఆయన లెక్క తిరగబడి ఉంటుంది. ఆయన ఈగను కందిరీగ అనుకుంటే పోయేది కాపలాదారులు. అందుకే ఆయనకు మాత్రం నేర్పాను, ఈసారి చారల జోలికి పోకుండా. దొంగ నకలు కొట్టలేకపోయిన చోట్లు చూడాలి. ఈగకు రెక్కలు రెండే, తేనెటీగకూ కందిరీగకూ నాలుగు, కానీ ఎగురుతున్నప్పుడు అది లెక్కపెట్టలేం. తలలో ముప్పాతిక భాగం కళ్లే ఉంటాయి. మీసాలు కందిరీగకు పొడుగ్గా వంకరతిరిగి ఉంటే, దీనికి ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. కందిరీగ నడుం దారంలా ఉంటుంది, దీనికి అంత సన్న నడుం లేదు. కాళ్ల మీద తేనెటీగలా పుప్పొడి ముద్దలుండవు. దూరం నుంచి పనికొచ్చేది మాత్రం ఒకటే: గాల్లో మేకు కొట్టినట్టు నిలబడటం. తేనెటీగ కూడా పువ్వు ముందు క్షణంపాటు ఆగుతుంది, కానీ ఇంతసేపు, ఇంత కదలకుండా ఆగదు. ఇదొక్కటే చూసి చేయి పెట్టొద్దని మళ్లీ చెప్పాను.

ఆయన్ని నమ్మించింది ఇవేవీ కాదు, పిల్ల పురుగు. పూగుత్తి అడుగున ఉన్న లేతాకుపచ్చ పురుగును భూతద్దంలో చూపించాను. కాళ్లు లేవు, కళ్లు లేవు, తలవైపు సన్నగా ఉంటుంది. తల అటూ ఇటూ తడుముతూ ఒక పేనుబంకకు తగిలింది. దాన్ని నోటితో పట్టి గాల్లోకి ఎత్తింది. పేనుబంక కాళ్లు కొట్టుకుంటుండగానే రసం పీల్చి, తోలు పక్కన పడేసి మళ్లీ తడమడం మొదలుపెట్టింది. ఒక పురుగును 30 పేనుబంకతో డబ్బాలో పెట్టి రైతు ఇంటికి తీసుకెళ్లాడు. పొద్దున ఫోన్ చేసి "నాలుగే మిగిలాయి సార్" అన్నాడు.

తర్వాత ఏమైంది

మందు కొట్టిన ఎకరంలో వారం దాకా పేనుబంక కనపడలేదు. పన్నెండో రోజుకు గుత్తులన్నీ జిగటగా, కింది ఆకుల మీద మసిలాంటి బూజుతో ఉన్నాయి. దులిపితే సిర్ఫిడ్ పిల్ల ఒక్కటి దొరకలేదు. పేనుబంక పిల్లలు పెట్టడం ఎంత వేగమో, వాటిని తినేవి తిరిగి రావడం అంత ఆలస్యం. అక్కడ మళ్లీ మందు కొట్టక తప్పలేదు, సాయంత్రం తేనెటీగలు వెళ్లాక కొట్టించాను.

మిగతా మూడెకరాల్లో ఎక్కువ భాగం పేనుబంక దానంతటదే తగ్గింది. కానీ నేను మొదటిరోజు చూసిన పేనుబంక బాగా పట్టిన ఆ రెండు గుత్తులున్న మూలలో తగ్గలేదు. అక్కడ పేనుబంక ముందే బాగా పెరిగిపోయింది, ఈగలు ఆలస్యంగా చేరాయి. ఐదారు సెంట్లలో విడిగా మందు కొట్టాం. పంటంతా కలిపి నూర్చారు కాబట్టి దిగుబడి తేడా నా దగ్గర లేదు.

ఇంకో విషయం నోట్సులో ఉంది. ఆ చేలో దొంగ వేషగాళ్లే అసలువాటికన్నా ఎక్కువ. అలాగైతే పిట్టలకు మోసం తెలిసిపోవాలి కదా అని అనుమానం వస్తుంది. 1960లో అమెరికా శాస్త్రవేత్త జేన్ బ్రోవర్ ఈ సందేహాన్నే గోరువంకల జాతికి చెందిన స్టార్లింగ్ పిట్టల మీద పరీక్షించింది. రంగు పట్టీ వేసిన పురుగుల్లో కొన్నింటిని క్వినైన్‌లో ముంచి చేదు చేసింది, కొన్నింటిని వదిలేసింది. నూటికి 60 దొంగలే అయినా చాలావరకు తప్పించుకున్నాయి. మరీ 90 అయితేనే మోసం బాగా పలచబడింది. చేదు ఎంత ఘాటైతే అన్ని నకళ్లను మోయగలదు. కందిరీగ కొండి తక్కువ ఘాటేం కాదు.

అయితే ఈ వేషం పనిచేయని కళ్లూ ఉన్నాయి. చేను మీది కరెంటు తీగ మీద తేనెటీగలు తినే పచ్చపిట్టలు మూడు రోజూ కూర్చునేవి. అవి పట్టినదాన్ని తీగకేసి కొట్టి, రుద్ది, కొండి వదిలించుకుని మింగుతాయి. కొండి తీయడం తెలిసినవాడికి పసుపు చారలంటే భయమేముంది, భోజనం గుర్తు. వాటి ముక్కులో ఉన్నది ఈగో తేనెటీగో గట్టు మీదినుంచి నాకు కనపడలేదు.

మరుసటి రబీలో అదే రైతు ఒక ఫొటో పంపాడు. ధనియాల పువ్వు మీద పసుపు, నలుపు మచ్చ ఒకటి, మసకగా. "ఏది సార్ ఇది?" ఎంత పెద్దది చేసినా నాకు తేలలేదు, మీసాలు కనపడవు, రెక్కలు కనపడవు. ఫోన్ చేసి గాల్లో నిలబడుతోందా అని అడిగాను.

"నిలబడి నన్నే చూస్తోంది సార్. పెద్దావిడ అప్పుడే గట్లు తిరగను పోయింది."